అన్నయ్య వేసిన ఎఫ్4 పిటిషన్: అమ్మాయికి ఇరవై ఒకటి దాటింది, పేరు ఉంటుందా పోతుందా?

అరండల్‌పేట_అమ్మ
మా అన్నయ్య అమెరికా పౌరుడు. 2007లో తోబుట్టువుల కోటాలో, అంటే ఎఫ్4లో, నా పేరు మీద ఐ-130 పిటిషన్ వేశాడు. అప్పటికి మా అమ్మాయికి అయిదేళ్లు, బాబు ఇంకా నడక నేర్చుకుంటున్నాడు. ఇన్నేళ్లలో ఆ కాగితాల సంగతి దాదాపు మరచిపోయాం. ఈ మధ్య అమెరికా ప్రభుత్వం నెలనెలా వేసే వీసా బులెటిన్లలో భారతదేశానికి ఎఫ్4 తేదీ 2006 చివరి నెలల దాకా వచ్చిందని తెలిసి మళ్లీ ఫైలు తీశాం. అమ్మాయి 2001 ఆగస్టు 9న పుట్టింది, ఇప్పుడు ఇరవై నాలుగు నడుస్తోంది. బాబు 2005 నవంబరు 20న పుట్టాడు.
గుంటూరులో ఒక కన్సల్టెన్సీకి వెళితే, ఇరవై ఒకటి దాటింది కనుక అమ్మాయి పేరు అసలు రాయనే వద్దన్నారు. విజయవాడలో ఇంకొకరిని అడిగితే, పిటిషన్ వేసిన రోజున ఉన్న వయసే లెక్కలోకి వస్తుంది కనుక నిశ్చింతగా ఉండమన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మాయికి మంచి సంబంధాలు వస్తున్నాయి. అవునని చెప్పాలో కాదని చెప్పాలో తెలియక ఇంట్లో అందరం సతమతమవుతున్నాం.

టొరంటో_బాబాయ్
విజయవాడ ఆయన చెప్పిందే సరైనది. మా పెద్దవాడికి ఇరవై ఒకటిన్నర ఉన్నప్పుడు మేము కెనడాకు దరఖాస్తు పెట్టాం. వీసా చేతికొచ్చేసరికి ఇరవై మూడు నిండాయి, అయినా వాడు మాతోనే వచ్చాడు. ఇరవై రెండు లోపు ఉంటే చాలు, దరఖాస్తు అందిన రోజుతో వయసు ఆగిపోతుంది.

కృష్ణలంక_రవి
బాబాయ్ గారూ, ఆమె అడిగింది అమెరికా గురించి.

టొరంటో_బాబాయ్
దేశం వేరైనా పద్ధతి ఒకటే ఉంటుంది కదా అని చెప్పాను. కెనడాలో మాత్రం నేను చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. 2014లో వయోపరిమితిని పందొమ్మిది లోపుకు తగ్గించారు, మళ్లీ 2017 అక్టోబరు 24 నుంచి ఇరవై రెండు లోపుకు పెంచారు. పెళ్లి కాకూడదు, సహజీవనంలో ఉండకూడదు.

పటమట_ఫైళ్లు
నేను చాలా ఏళ్లు ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాది దగ్గర ఫైళ్లు తయారుచేసే పని చేశాను. ఇలాంటి కేసులు ఎన్నో చూశాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.
అమ్మా, మీకు చెప్పిన ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ మీ కేసుకు సరిపోవు. అమెరికా పౌరుడు తన సొంత బిడ్డకు, ఆ బిడ్డకు ఇరవై ఒకటి నిండకముందే పిటిషన్ వేస్తే, వేసిన రోజుతోనే వయసు ఆగిపోతుంది. విజయవాడ ఆయన చెప్పింది ఆ నియమం. మీ పిటిషన్‌లో అసలు లబ్ధిదారు మీరు. పిల్లలు మీ వెనుక వచ్చేవాళ్లు, వాళ్ల లెక్క వేరు. 2002 ఆగస్టు 6న అమలులోకి వచ్చిన బాలల హోదా రక్షణ చట్టం, అందరూ సీఎస్‌పీఏ అనేది, వాళ్లకు వర్తిస్తుంది.
ఆ లెక్క ఇలా ఉంటుంది. మీ ప్రాధాన్య తేదీకి, అంటే పిటిషన్ అందిన తేదీకి, వీసా నంబరు దొరికే రోజున అమ్మాయి అసలు వయసు తీసుకుంటారు. అందులోంచి, మీ అన్నయ్య పిటిషన్ వేసిన రోజు మొదలుకొని దాన్ని ఆమోదించిన రోజు వరకు ఎన్ని రోజులు గడిచాయో అన్ని రోజులు తీసివేస్తారు. మిగిలినది ఇరవై ఒకటి లోపు ఉంటే అమ్మాయి మీతో వస్తుంది. కాబట్టి ఇరవై నాలుగు దాటినంత మాత్రాన పేరు పోయిందనలేం. మీ ఐ-797 నోటీసులు దొరికితే రెండు తేదీలు చెప్పండి: పిటిషన్ అందిన తేదీ, ఆమోదించిన తేదీ.

బెంజ్_సర్కిల్_కుర్రోడు
అయితే 2007 నుంచి ఇప్పటిదాకా ఆగిన పంతొమ్మిదేళ్లూ తీసెయ్యొచ్చు కదా? అప్పుడు అమ్మాయి వయసు అయిదేళ్లే అవుతుంది.

పటమట_ఫైళ్లు
కాదు బాబూ, చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. తీసివేసేది పిటిషన్ ప్రభుత్వ బల్ల మీద పరిశీలనలో ఉన్న కాలాన్ని మాత్రమే. ఆమోదం వచ్చాక వరుసలో నిలబడిన సంవత్సరాలు, పదైనా పదిహేనైనా, ఒక్క రోజు కూడా తీసివేయరు. అందుకే ఎఫ్4లో ఆమోదం ఆలస్యమైన కుటుంబాలకు ఈ చట్టం ఎక్కువ మేలు చేస్తుంది. త్వరగా ఆమోదం వచ్చిన వాళ్లకు దాదాపు ఏమీ మిగలదు.

నల్లపాడు_వెంకటేశ్వర్లు
ఈ చివరి వాక్యం మా ఇంట్లో జరిగింది. మా చెల్లెలు వేసిన పిటిషన్ ఏడు నెలల్లోపే ఆమోదమైంది. ఆ రోజు మిఠాయిలు పంచుకున్నాం. తేదీ వచ్చేసరికి మా పెద్దమ్మాయికి ఇరవై మూడు. ఏడు నెలలు తీసివేసినా ఇరవై రెండు పైనే ఉంది. మేమిద్దరం, చిన్నబ్బాయి వెళ్లాం. పెద్దమ్మాయి గుంటూరులో మా అక్క ఇంట్లో ఉండిపోయింది. పిటిషన్ త్వరగా తేలడం మనకు నష్టం చేస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, కనీసం మనసు సిద్ధం చేసుకునేవాళ్లం.

తెనాలి_లెక్కల_మాస్టారు
వెంకటేశ్వర్లు గారూ, మీరు అక్కడికి వెళ్లాక అమ్మాయికి మళ్లీ పిటిషన్ వేశారా? పాత తేదీ దక్కిందా?

నల్లపాడు_వెంకటేశ్వర్లు
వేశాను. గ్రీన్ కార్డు చేతికొచ్చిన నెలలోనే, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల పెళ్లికాని పెద్ద పిల్లల కోటాలో, అంటే ఎఫ్2బీలో వేశాను. పాత తేదీ ఇవ్వలేదు, కొత్త తేదీతో వరుస చివర నిలబెట్టారు. మా న్యాయవాది సుప్రీంకోర్టు తీర్పు చూపించి ఇక ప్రయత్నించి లాభం లేదన్నాడు.

పటమట_ఫైళ్లు
ఆ తీర్పు 2014 జూన్‌లో వచ్చింది. వయసు దాటిపోయిన పిల్లలకు తల్లిదండ్రుల పాత ప్రాధాన్య తేదీ దానంతటదే దక్కాలని కుటుంబాలు వాదించాయి. కోర్టులోనూ అందరూ ఒక మాట మీద లేరు, కానీ చివరకు ప్రభుత్వ వ్యాఖ్యానమే నిలిచింది. దాంతో తోబుట్టువుల కోటాలో వయసు దాటిన మేనకోడలికీ మేనల్లుడికీ ఆ తేదీ పనికిరాకుండా పోయింది. వెళ్లిన తల్లో తండ్రో కొత్తగా ఎఫ్2బీ వేయాలి. ఆ వరుసలో ఇప్పుడు పిలుస్తున్నవి 2016 ప్రాంతపు తేదీలు, అంటే సుమారు తొమ్మిదేళ్ల వెనుక. ఆ తొమ్మిదేళ్లూ బిడ్డ పెళ్లి చేసుకోకూడదు. గ్రీన్ కార్డు మీద ఉన్న తల్లిదండ్రులు వేసిన పిటిషన్, బిడ్డకు పెళ్లయిన రోజున రద్దయిపోతుంది.

అరండల్‌పేట_అమ్మ
అన్నయ్య రాత్రి ఫోటోలు పంపించాడు. అందిన తేదీ 2007 ఏప్రిల్ 18 అని ఉంది. ఆమోదం నోటీసులో 2011 సెప్టెంబరు 2 అని ఉంది. ప్రాధాన్య తేదీ అన్న గడిలో కూడా ఏప్రిల్ 18 అనే ఉంది. అమ్మాయికి ఏమైనా ఆశ ఉందా, చూసి చెప్పగలరా?

తెనాలి_లెక్కల_మాస్టారు
లెక్క నేను వేస్తాను, పటమట వారు తప్పుంటే దిద్దాలి.
2007 ఏప్రిల్ 18 నుంచి 2011 ఏప్రిల్ 18 వరకు నాలుగేళ్లు. మధ్యలో 2008 లీపు సంవత్సరం ఉంది కనుక 1461 రోజులు. అక్కడి నుంచి సెప్టెంబరు 2 వరకు 137 రోజులు. మొత్తం 1598 రోజులు, అంటే నాలుగేళ్ల నాలుగున్నర నెలలు.
ఇక ప్రతి నెలా వయసు లెక్కవేసి తీసివేస్తూ కూర్చోనవసరం లేదు. లెక్కను తిరగేస్తే సులభంగా ఉంటుంది. అమ్మాయికి ఇరవై ఒకటి నిండిన రోజు 2022 ఆగస్టు 9. దానికి 1598 రోజులు కలిపితే 2026 డిసెంబరు 24 వస్తుంది. ఆ రోజు రాకముందే మీ తేదీకి వీసా నంబరు దొరకాలి. బాబుకు ఇదే లెక్క వేస్తే 2031 ఏప్రిల్ దాకా గడువుంది, అతని గురించి దిగులు పడనవసరం లేదు.

కృష్ణలంక_రవి
మాస్టారూ, ఈ తిరగేసే పద్ధతి బాగుంది. ఒక్క తేదీ గోడ మీద రాసిపెట్టుకుంటే చాలు.

పటమట_ఫైళ్లు
లెక్క సరిగ్గా ఉంది. దానికి ఒక విషయం జోడించాలి. వీసా నంబరు దొరికిన రోజు అంటే బులెటిన్ వెలువడిన రోజు కాదు. ఆ బులెటిన్ ఏ నెలకు చెందుతుందో ఆ నెల ఒకటో తారీఖు. డిసెంబరు బులెటిన్ నవంబరు మధ్యలో బయటికి వస్తుంది, కానీ లెక్కలో వేసుకునేది డిసెంబరు 1.
కాబట్టి 2026 డిసెంబరు బులెటిన్‌లోగా మీ తేదీ దాటితే, చివరి నిమిషంలో దాటినా సరే, అమ్మాయి లెక్క వయసు ఇరవై ఒకటికి ఇరవై మూడు రోజులు తక్కువగా ఉంటుంది. 2027 జనవరి బులెటిన్‌లో దాటితే ఎనిమిది రోజులు ఎక్కువవుతుంది, అప్పుడు పేరు పోతుంది. అంత సన్నని గీత మీద ఉన్నారు మీరు.
ఇంకొకటి చూసుకోండి. బులెటిన్‌లో 2007 ఏప్రిల్ 18 అని వేస్తే మీ తేదీ వచ్చినట్టు కాదు. అక్కడ వేసిన తేదీ కన్నా ముందున్న వాళ్లనే పిలుస్తారు. ఏప్రిల్ 19 గానీ ఆ తర్వాతి తేదీ గానీ కనబడాలి.

బెంజ్_సర్కిల్_కుర్రోడు
బులెటిన్‌లో రెండు పట్టికలు ఉంటాయి కదా? రెండోదాంట్లో తేదీ ఎప్పుడూ ముందుంటుంది. అందులో వచ్చినప్పుడు ఫీజు కట్టి కాగితాలన్నీ పెట్టేస్తే వయసు అక్కడికి ఆగిపోతుందని మా కజిన్ చెప్పాడు.

పటమట_ఫైళ్లు
మీ కజిన్ బహుశా అమెరికాలోనే ఉండి గ్రీన్ కార్డుకు ఐ-485 దరఖాస్తు వేసుకున్న వ్యక్తి అయి ఉంటాడు. 2023 ఫిబ్రవరి 14న అక్కడి పౌరసత్వ, వలస సేవల శాఖ ఆ వెసులుబాటు ఇచ్చింది. ఆ శాఖ దరఖాస్తుల స్వీకరణకు రెండో పట్టికను అనుమతించిన నెలల్లో, దాని తేదీతో వయసు లెక్కవేసేది. 2025 ఆగస్టు 15 నుంచి దాఖలైన దరఖాస్తులకు ఆ వెసులుబాటు తీసేసి, మళ్లీ మొదటిదైన తుది చర్య తేదీల పట్టికకే వెళ్లింది. ముంబై కాన్సులేట్ ద్వారా వచ్చే మనవాళ్లకు ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు. విదేశాంగ శాఖ వయసును మొదటి నుంచీ తుది చర్య తేదీల పట్టికతోనే లెక్కిస్తోంది.
అయితే రెండో పట్టిక మనకు పనికిరాదని అనను. అందులో తేదీ వచ్చినప్పుడు జాతీయ వీసా కేంద్రం ఫీజులు కట్టించుకుని, వలస వీసా దరఖాస్తులైన డీఎస్-260 ఫారాలు, ధ్రువపత్రాలు తీసుకుంటుంది. ఆ పని ముందే అయిపోతే తేదీ వచ్చాక ఇంటర్వ్యూకు ఆలస్యం కాదు. వయసు మాత్రం దానితో ఆగదు.

హెచ్4_తల్లి_డల్లాస్
మా పరిస్థితి కూడా దాదాపు ఇదే, అందుకని అడుగుతున్నాను. మేము విజయవాడ వాళ్లమే, మావారు హెచ్1బీ మీద ఉన్నారు. ఉద్యోగ కోటాలో వేసిన ఐ-140 ఆమోదమై ఎన్నో ఏళ్లయింది. బాబుకు వచ్చే మార్చిలో ఇరవై ఒకటి నిండుతాయి. ఈ 1598 రోజుల లాంటి లెక్క మాకూ ఉంటే, అన్ని నెలలు హెచ్4 మీద కొనసాగవచ్చా?

పటమట_ఫైళ్లు
అమ్మా, ఇక్కడ రెండు విషయాలను విడదీసి చూడాలి. తీసివేత లెక్క గ్రీన్ కార్డుకు మాత్రమే వర్తిస్తుంది. హెచ్4 హోదాకు ఏ తీసివేతా లేదు, ఇరవై ఒకటో పుట్టినరోజుతో అది ముగుస్తుంది. ఆ లోపే బాబును విద్యార్థి హోదాకు, అంటే ఎఫ్1కు మార్చే దరఖాస్తు వేయాలి. ఐ-140లు చాలావరకు త్వరగా ఆమోదమవుతాయి, అదనపు ఫీజు కడితే ఇంకా త్వరగా, కనుక మీ తీసివేత చాలా చిన్నదిగా ఉంటుంది. మీ తేదీలతో వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ చూస్తాను. లేదంటే ఇక్కడ ఆవిడ ప్రశ్న పక్కకు పోతుంది.

హెచ్4_తల్లి_డల్లాస్
అలాగేనండీ. మార్చి వరకు ఆగకుండా కాలేజీలో ఐ-20 కోసం ఈ వారమే అడుగుతాము.

అరండల్‌పేట_అమ్మ
డిసెంబరు బులెటిన్ అంటే ఇంకా కొన్ని నెలలుంది. ఈలోగా తేదీ 2007 ఏప్రిల్ దాటుతుందని ఎవరైనా చెప్పగలరా?

తెనాలి_లెక్కల_మాస్టారు
దాటుతుందని లెక్కతో చెప్పలేను. ఎఫ్4కు ప్రపంచమంతటికీ కలిపి ఏడాదికి 65,000 వీసాలు, అందులో ఒక దేశానికి దక్కేది సాధారణంగా ఏడు శాతం లోపు. గత ఏడాది కాలంలో మన తేదీ ముందుకు జరిగింది ఏడాది కన్నా తక్కువే. అదే నడక కొనసాగితే మీ తేదీ దాదాపు ఆ గీత దగ్గరే వస్తుంది, అటో ఇటో చెప్పడం కష్టం. అక్టోబరులో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, కొత్త నంబర్లు వస్తాయి. నేనైతే అక్టోబరు, నవంబరు, డిసెంబరు బులెటిన్ల మీదే ఆశ పెట్టుకుంటాను.

పటమట_ఫైళ్లు
మాస్టారు చెప్పినదానికి నేను ఒక జాగ్రత్త కలుపుతాను. తేదీ కొన్నిసార్లు వెనక్కి కూడా పోతుంది. ఒక నెల మీ తేదీ వచ్చి, మీరు ఏ పనీ చేయకముందే మళ్లీ వెనక్కి పోతే, తర్వాత అది తిరిగి వచ్చిన రోజుతో వయసు కొత్తగా లెక్కవేసే ప్రమాదం ఉంది. మీలాంటి సన్నని గీత మీద ఉన్నవాళ్లకు అదొక్కటి చాలు, అవకాశం పోవడానికి.
అందుకే చట్టంలోని రెండో షరతును మీరు మొదటి రోజే పూర్తిచేయాలి. వీసా నంబరు దొరికాక ఒక ఏడాదిలోపు బిడ్డ ఆ వీసా కోసం అడుగు వేసినట్టు ఆధారం ఉండాలి. మన కేసుల్లో అది అమ్మాయి పేరున వీసా ఫీజు కట్టడం, అమ్మాయి డీఎస్-260 సమర్పించడం. ఫీజు ఒక్కొక్కరికి 325 డాలర్లు. మీకూ మీవారికీ కట్టి, అమ్మాయిది తర్వాత చూద్దామని వదిలేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది, ఎందుకంటే ఇరవై ఒకటి దాటింది కదా అని ఎవరో పేరు తీసేయమంటారు. మీకు గుంటూరులో చెప్పిన సలహా పాటిస్తే సరిగ్గా అదే జరిగేది. వయసు లెక్క కలిసొచ్చినా, ఏడాదిలోపు ఏ అడుగూ లేనందున బిడ్డ ఆగిపోయిన ఫైళ్లు నేను చూశాను.

మంగళగిరి_పద్మజ
ఫీజు కట్టాలంటే కేసు నంబరు కావాలి కదా. 2011లో ఆమోదమైన ఫైలు ఇప్పుడు ఎక్కడుంటుంది? మా అత్తగారి ఫైలులో పాత చిరునామా, ఎప్పుడో మూసేసిన ఈమెయిల్ ఉన్నాయి. నోటీసు వచ్చినా మాకు చేరేది కాదు.

పటమట_ఫైళ్లు
ఆమోదం తర్వాత ఫైలు జాతీయ వీసా కేంద్రానికి చేరుతుంది. అక్కడ ముంబై కేసులకు BMB అక్షరాలతో మొదలయ్యే నంబరు ఇస్తారు. వాళ్ల వెబ్‌సైట్‌లో విచారణ ఫారం ఉంటుంది. ఐ-797 మీద ఉన్న రసీదు నంబరు రాసి, కేసు నంబరు అడిగి, కొత్త చిరునామా, ఈమెయిల్, ఫోను ఇవ్వాలి. ఇది ఇవాళే చేయండి, తేదీ వచ్చాక కాదు. నోటీసు పంపాక ఏడాది దాకా మీ నుంచి ఏ స్పందనా లేకపోతే కేసునే ముగించే అధికారం కూడా వాళ్లకు ఉంది.

ఉండవల్లి_శ్రీను
పెళ్లి సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. నా మాట వింటే గుళ్లో పెళ్లి చేసెయ్యండి, రిజిస్ట్రేషన్ తర్వాత చేయించుకోవచ్చు. కాగితం లేని పెళ్లిని అమెరికావాళ్లు ఎలా కనిపెడతారు?

పటమట_ఫైళ్లు
శ్రీను గారూ, దయచేసి ఇలాంటి సలహా ఎవరికీ ఇవ్వకండి. రిజిస్టరు కాకపోయినా శాస్త్రోక్తంగా జరిగిన హిందూ వివాహం చట్టం దృష్టిలో వివాహమే. ఆ సంగతి దాచి డీఎస్-260లో అవివాహిత అని రాస్తే అది తప్పుడు ప్రకటన. బయటపడితే అమ్మాయి జీవితాంతం అమెరికాలో అడుగుపెట్టకుండా నిషేధం పడవచ్చు. పెళ్లి ఫోటోలు ఈ రోజుల్లో బంధువుల ఫోన్లలోనే ఉంటాయి.
నిశ్చితార్థం మాత్రం పెళ్లి కాదు, దానివల్ల ఇబ్బంది లేదు. అమ్మాయి వీసా చేతిలో పెట్టుకుని అమెరికాలో దిగేవరకు అవివాహితగా ఉండాలి. వీసా వచ్చాక, ప్రయాణానికి ముందు ముహూర్తం బాగుందని పెళ్లి చేసినా అర్హత పోతుంది. అక్కడ దిగిన తర్వాత పెళ్లి చేసుకుని, భర్తకు తానే పిటిషన్ వేసుకోవచ్చు.

తాడేపల్లి_పెద్దమ్మ
నేను పటమట వారంత చదువుకున్నదాన్ని కాను గానీ ఒక్క మాట చెబుతాను. వస్తుందో రాదో తెలియని వీసా కోసం పిల్ల పెళ్లి ఆపడం నాకు నచ్చలేదు. మా వీధిలో ఒకమ్మాయిని ఇలాగే ముప్పై రెండేళ్ల దాకా ఆపారు.

మంగళగిరి_పద్మజ
పెద్దమ్మా, మీ బాధ అర్థమైంది, కానీ ఇక్కడ ఆగమంటున్నది తొమ్మిదేళ్లు కాదు. నవంబరు మధ్యలో డిసెంబరు బులెటిన్ వచ్చేస్తుంది, ఆ రోజుకు అమ్మాయి సంగతి తేలిపోతుంది. అంతవరకు సంబంధం వాళ్లతో ఉన్నది ఉన్నట్టు చెప్పి, నిశ్చితార్థంతో ఆపవచ్చు. తేదీ రాకపోతే వెంటనే ముహూర్తం పెట్టుకోవచ్చు.

నల్లపాడు_వెంకటేశ్వర్లు
పద్మజ గారు చెప్పినదాంట్లో ఒకటి మరువకండి. తేదీ రాకపోతే ఆ అమ్మాయికి రెండు దారులుంటాయి. అవివాహితగా ఉండి ఎఫ్2బీలో తొమ్మిదేళ్లు చూడటం ఒకటి, పెళ్లి చేసుకుని అమెరికా ఆశ వదులుకోవడం ఇంకొకటి. మా అమ్మాయి రెండోది ఎంచుకుంది. తల్లిదండ్రులకు పౌరసత్వం వచ్చాక వివాహితులైన పిల్లల కోటాలో కొత్తగా వేయవచ్చు గానీ, ఆ వరుస ఇంకా పొడుగు. ఏ దారి ఎంచుకోవాలో అమ్మాయినే అడగాలి, మనం నిర్ణయించేది కాదు.

అరండల్‌పేట_అమ్మ
అమ్మాయిని కూర్చోబెట్టి ఇక్కడ మీరంతా రాసినవి చదివించాను. ఆమె మంగళగిరిలో ఉద్యోగం చేస్తోంది, తన మాట తనకుంది. డిసెంబరు బులెటిన్ వరకు ఆగుతానంది. రాకపోతే ఎఫ్2బీ కోసం మాత్రం ఆగనని చెప్పింది. మావారికి ఇది పూర్తిగా నచ్చలేదు, తను లేకుండా మనం ఎందుకు వెళ్లాలంటున్నారు. ఆ మాట మా ఇంట్లో ఇంకా తేలలేదు.
వీసా కేంద్రానికి మాత్రం నిన్న రాత్రి విచారణ పంపాను. ఒక సందేహం మిగిలింది. అమ్మాయి పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ 2002 జూన్ 9 అని ఉంది. బడిలో చేర్చినప్పుడు ఎవరో అలా రాయించారు. మున్సిపాలిటీ పుట్టిన పత్రంలోనూ పాస్‌పోర్టులోనూ 2001 ఆగస్టు 9 ఉంది. మెమో తేదీ నిజమైతే అమ్మాయికి ఇంకా పది నెలలు కలిసొచ్చేవి కదా అని మా మరిది అంటున్నాడు.

పటమట_ఫైళ్లు
మీ మరిది గారి మాట వినకండమ్మా. 2007 పిటిషన్‌లో మీ అన్నయ్య పిల్లల పుట్టిన తేదీలు రాసే ఉంటాడు, అది ఇప్పటికీ ఫైలులో ఉంది. అసలు పుట్టిన రోజు 2001 ఆగస్టు 9, పుట్టిన పత్రం అదే చెబుతోంది, పాస్‌పోర్టూ అదే చెబుతోంది. మెమోలో తేడా ఎలా వచ్చిందో ఇంటర్వ్యూలో అడిగితే నిజం చెప్పండి. మన జిల్లాల్లో ఇలాంటి తేడాలు వాళ్లకు కొత్త కాదు. ముందుగా 2007 పిటిషన్ నకలు తెప్పించి, అందులో అమ్మాయి తేదీ ఏమని రాశారో చూడండి. అందులోనూ తేడా ఉంటే ఇంటర్వ్యూ దాకా ఆగకుండా న్యాయవాదికి చూపించాలి.

అరండల్‌పేట_అమ్మ
నకలు కోసం అన్నయ్యకు ఇప్పుడే ఫోన్ చేశాను. గ్యారేజీలో పెట్టెల్లో ఉందట, శనివారం వెతుకుతానన్నాడు.

మంగళగిరి_పద్మజ
మాస్టారూ, మా అత్తగారి ఫైలు కూడా ఒకసారి చూస్తారా? అందినది 2009 జనవరి 12, ఆమోదం 2012 జనవరి 12. మా మరిది 2003 మార్చి 5న పుట్టాడు.

తెనాలి_లెక్కల_మాస్టారు
సరిగ్గా మూడేళ్లు, 1095 రోజులు. అతనికి ఇరవై ఒకటి నిండినది 2024 మార్చి 5. దానికి 1095 కలిపితే 2027 మార్చి 5. తేదీ 2009లో ఉంది కనుక అప్పటికి అందుకోవడం నాకు కనబడటం లేదమ్మా.

పటమట_ఫైళ్లు
పద్మజ గారూ, ఆ ఆమోద తేదీ ఆమోదం నోటీసు మీదిదేనా, వీసా కేంద్రం పంపిన ఉత్తరం మీదిదా? ఒకసారి కాగితం చూసి చెప్పండి. రెండూ ఒకటి కావు, ఉత్తరం తర్వాత వస్తుంది కనుక అసలు ఆమోదం అంతకన్నా ముందు అయి ఉండవచ్చు. అలాగైతే గడువు ఇంకా తగ్గుతుంది.

మంగళగిరి_పద్మజ
ఆమోదం నోటీసు మీదిదేనండీ. మరిదికి ఈ రాత్రే చెబుతాను. అతను హైదరాబాదులో ఎంటెక్ సీటు వదులుకుందామా అని ఆలోచిస్తున్నాడు, వదులుకోవద్దని చెప్పాలి.